‘నయం’ తీసేసి ‘మాయం’ అని రాస్తే సరిపోదు
సందేహాలు - సమాధానాలు

ఇంట్లో చేసిన సరుకును ఆన్‌లైన్ అంగళ్లలో పెడితే, వివరణలో నిషేధిత పదాలున్నాయంటూ తిప్పి పంపుతున్నారని చాలామంది పాఠకులు రాశారు. వాటిలో ఐదు ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగు. మిగతావాళ్లు కూడా ముందు దాన్ని చదివితే తమ జవాబు తేలిగ్గా అర్థమవుతుంది.

నేను తలనూనె కాచి అమ్ముతాను. మా అమ్మమ్మ చేసిన పద్ధతే. ఆన్‌లైన్‌లో పెట్టాలని వివరణ ఇలా రాశాను: “అమ్మమ్మల కాలం నాటి మూలికా తైలం. 15 రోజుల్లో జుట్టు రాలడం ఆగిపోతుంది. బట్టతల మీద కూడా కొత్త జుట్టు మొలుస్తుంది. తెల్ల వెంట్రుకలు నల్లబడతాయి. చుండ్రును శాశ్వతంగా నయం చేస్తుంది. 100 శాతం సహజం, ఎలాంటి సైడ్ ఎఫెక్ట్స్ లేవు.” నిషేధిత వాదనలున్నాయని తిరస్కరించారు. ‘నయం చేస్తుంది’ తీసేసి ‘మాయం చేస్తుంది’ అని మార్చాను. మళ్లీ అదే జవాబు. అసలు ఏ ఏ మాటలు రాయకూడదో జాబితా ఎక్కడ దొరుకుతుంది మేడమ్?
— రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు

జాబితా దొరికినా మీ పని జరగదమ్మా. ఆ అంగడి కంప్యూటర్ మొదట మాటల్నే పట్టుకుంటుంది, నిజమే. కానీ దాని వెనక ఉన్న నియమం మాట గురించి కాదు, వాగ్దానం గురించి. ‘నయం’ అన్నా, ‘మాయం’ అన్నా, ‘బై చెప్పండి’ అన్నా కొనేవాళ్లకు అందే కబురు ఒకటే: ఈ నూనె చుండ్రుకు మందు. మందు అయితే దానికి మందుల లైసెన్సు ఉండాలి. మీది తలనూనె.

మన చట్టం ఈ గీతను స్పష్టంగానే గీసింది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం ఒంటిని శుభ్రపరచడానికి, అందంగా కనిపించేలా చేయడానికి, రూపురేఖలను మార్చడానికి పూసుకునేది సౌందర్య సాధనం. జబ్బును తగ్గిస్తానని చెబితే అది ఔషధం. సీసాలో ఉన్నది అదే నూనె కావచ్చు, మీరు దాని గురించి ఏం చెబుతారన్నదాన్ని బట్టి అది ఏ గదిలోకి వెళ్తుందో తేలుతుంది. కొబ్బరి నూనె కథ మీకు తెలిసే ఉంటుంది. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరి నూనె వంటనూనా, తలనూనా అన్న పన్ను తగాదా ఏళ్ల తరబడి నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తలనూనె అని తెలిపే గుర్తులు సీసా మీద లేకపోతే దాన్ని వంటనూనెగానే చూడవచ్చని 2024 డిసెంబరులో కోర్టు తేల్చింది.

ఇప్పుడు మీ వాక్యాలు ఒక్కొక్కటే చూద్దాం. ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఇది నిజమో కాదో తేల్చాలంటే డాక్టరు కావాలా, అద్దం చాలా? జుట్టు మెరుస్తోందా, మెత్తగా ఉందా, చిక్కు సులువుగా వస్తోందా అన్నవాటికి అద్దమూ దువ్వెనా చాలు. బట్టతల మీద జుట్టు మొలిచిందా అంటే డాక్టరు కావాలి. అద్దం చాలు అన్న వాక్యాలు మీవి. డాక్టరు కావాల్సిన వాక్యాలు తలనూనెవి కావు.

బట్టతల వాక్యం పూర్తిగా తీసేయాలి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో ‘షెడ్యూల్ జె’ అని ఒకటుంది. ఫలానా వాటిని నయం చేస్తామని, రాకుండా ఆపుతామని మందులు సైతం చెప్పుకోకూడదంటూ అందులో ఒక పట్టిక ఇచ్చారు. బట్టతల, జుట్టు రంగు మార్చడం, కొత్త జుట్టు మొలిపించడం, చిన్న వయసులో నెరవడం, చర్మం తెల్లబడటం అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. మందే చెప్పకూడని మాటను తలనూనె చెబితే ఏ అంగడీ ఒప్పుకోదు. మీ తెల్ల వెంట్రుకల వాక్యం కూడా దీంతోనే పోయింది.

“15 రోజుల్లో రాలడం ఆగిపోతుంది” అన్నది ఇంకో రకం తప్పు. కుదురు దగ్గర వెంట్రుక ఎదుగుదల ఆగాక రాలిపోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే ఇవాళ మీ దువ్వెనలోకి వచ్చిన వెంట్రుక ఎప్పుడో కాన్పు తర్వాతో, జ్వరం తర్వాతో రాలడానికి సిద్ధమైనది. పైన రాసిన నూనె దాన్ని పదిహేను రోజుల్లో ఆపలేదు. అయితే పెద్ద కంపెనీల షాంపూల మీద “జుట్టు రాలడం తగ్గుతుంది” అని ఉంటుంది కదా అని మీరడగవచ్చు. ఆ మాట పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. కిందెక్కడో సన్నటి అక్షరాల్లో “తెగిపోవడం వల్ల రాలే జుట్టు” అని రాసి ఉంటుంది. ఊడిపోవడం కుదురులో జరుగుతుంది, అది శరీరం సంగతి. తెగిపోవడం పొడిబారిన వెంట్రుక మధ్యలో జరుగుతుంది, అది అద్దానికీ దువ్వెనకూ అందే సంగతి. వాళ్లు ఆ రెండోదాని గురించే చెబుతున్నారు, దానికి పరీక్ష కాగితాలు దగ్గర పెట్టుకున్నారు. మీ దగ్గర ఆ కాగితం లేనప్పుడు, “పొడి జుట్టు మెత్తబడి దువ్వేటప్పుడు తక్కువ తెగుతుంది” అన్నది కూడా రాయకపోవడమే మంచిది. ‘చిక్కు తీయడం తేలిక’ దగ్గర ఆగండి.

‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అన్నది నిరూపించలేని మాట. మెంతులు పడనివాళ్లుంటారు, నువ్వులు పడనివాళ్లుంటారు. పైగా సైడ్ ఎఫెక్ట్స్ ప్రస్తావన వస్తేనే చదివేవాళ్లకు అది మందన్న భావం కలుగుతుంది. ‘100 శాతం’ తీసేసి, ఏమేం వేశారో రాయండి.

మీరు ఉత్తరంతో పంపిన తయారీ వివరాలతోనే ఈ వివరణ రాశాను. ఒక్క కొత్త విషయం కూడా నేను కలపలేదు:

“గుంటగలగరాకు, మందార పూలు, కరివేపాకు, మెంతులు, ఎండు ఉసిరి వేసి సన్నని సెగమీద కాచిన నువ్వుల నూనె. ఆకు రసం పూర్తిగా ఇగిరి, ఒత్తి ముంచి వెలిగిస్తే చిటపటలాడని దాకా కాచి, పలచని బట్టలో వడగట్టి సీసాల్లో నింపాం. విడిగా రంగు గానీ సువాసన గానీ కలపలేదు. ఈ ముదురాకుపచ్చ రంగు గుంటగలగరాకుది. తలస్నానానికి గంట ముందు కుదుళ్ల నుంచి చివర్ల దాకా మర్దనా చేసుకోండి. పొడిగా ఉన్న జుట్టు మెత్తబడుతుంది, చిక్కు తీయడం తేలికవుతుంది, మెరుపు వస్తుంది. సీసా అడుగున సన్నని మడ్డి పేరుకోవచ్చు, కదిపి వాడండి. మొదటిసారి వాడేముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడండి.”

మీ పాత వివరణలో ఈ నూనె ఎలా తయారైందో ఒక్క ముక్క లేదు. ఒత్తి వెలిగించి చూసే సంగతి ఉత్తరం చివర నాకు మాటవరసకు రాశారు. ఏ నూనె అమ్మేవాళ్లైనా బట్టతల గురించి రాయగలరు, ఒత్తి సంగతి నిజంగా కాచినవాళ్లే రాయగలరు. మడ్డి గురించి ముందే చెప్పడం వల్ల, నూనె పాడైందని వెనక్కి పంపేవాళ్లూ తగ్గుతారు.

ఇక అసలైన అడ్డంకి. సౌందర్య సాధనం తయారుచేసి అమ్మడానికి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి COS-8 అనే పత్రంలో లైసెన్సు తీసుకోవాలి. దాని నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, పదార్థాల పట్టిక లేబుల్ మీద ఉండాలి. లైసెన్సు మీకుందో లేదో ఉత్తరంలో రాయలేదు. లేకపోతే వివరణ ఎంత చక్కగా దిద్దినా సరుకు నిలవదు. ముందు ఆ పని చూసుకోండి.

మాది వేప, పసుపు సబ్బు. లైసెన్సు ఉంది. వివరణలోంచి ‘గజ్జి, తామర, సోరియాసిస్’ అన్నీ తీసేశాను. ఇప్పుడు అందులో సబ్బు, నురగ, వాసన తప్ప ఏమీ లేవు. అయినా మూడోసారి కూడా తిరస్కరించారు. వాళ్లు చదవకుండానే కొట్టేస్తున్నారా?
— వరంగల్ నుంచి ఒక పాఠకుడు

చదువుతున్నారు. మీరు దిద్దిన చోట కాదు, మరోచోట చదువుతున్నారు. మీరు పంపిన స్క్రీన్ ఫొటోలు చూశాను. మీ సబ్బు పెట్టె ఫొటోలో, కుడివైపు కింద, ఆకుపచ్చ పట్టీ మీద ‘చర్మ వ్యాధులకు’ అని ఇంకా ఉంది. ఫొటోలో ఉన్న అక్షరాలను కూడా ఈ అంగళ్ల కంప్యూటర్లు చదువుతాయి. పాత లేబుల్ వేసిన పెట్టెలు ఇంకా మిగిలాయి కాబట్టి ఫొటో మార్చలేదని రాశారు. అలాంటప్పుడు కొత్త లేబుల్ అచ్చయ్యేదాకా ఆగాల్సిందే. ఫొటోలో ఒకటి చూపించి ఇంటికి వేరే లేబుల్ పంపితే అది ఇంకో తప్పవుతుంది.

రెండోది, కొనేవాళ్లకు కనిపించని వెతుకుడు మాటల గడి. జనం ‘తామర సబ్బు’ అని వెతుకుతారని మొదట్లో అక్కడ జబ్బుల పేర్లన్నీ నింపి, తర్వాత మరిచిపోవడం చాలామంది చేసే పనే. అది కొనేవాళ్లకు కనపడదు గానీ అంగడికి కనపడుతుంది. మూడోది, సరుకు నమోదు చేసేటప్పుడు నింపే చిన్న చిన్న గడులు: ప్రత్యేక ఉపయోగం, ఏ చర్మ సమస్యకు, ఎవరి కోసం వంటివి. వాటిలో జాబితాలోంచి ఎంచుకున్న ‘ఎగ్జిమా’ అన్న ఒక్క మాట చాలు మొత్తం ఆగిపోవడానికి. మీ సబ్బు 75 గ్రాములది విడిగా, మూడింటి కట్ట విడిగా పెట్టారు. ఒకదాంట్లో దిద్ది రెండోదాంట్లో దిద్దకపోయినా రెండూ ఆగవచ్చు.

స్క్రీన్ మీద గడి గడీ వెతికితే ఏదో ఒకటి తప్పిపోతుంది. మీ ఖాతాలోంచి సరుకు వివరాల ఫైలు మొత్తం దింపుకోండి. అది ఎక్సెల్ పట్టికలా తెరుచుకుంటుంది, మీరు ఎప్పుడో నింపి మరిచిన గడులు కూడా అందులో వరుసగా కనిపిస్తాయి. అందులో ఒక్కొక్క జబ్బు పేరూ ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ వెతకండి. ‘యాంటీబాక్టీరియల్’, ‘క్రిమిసంహారిణి’ కూడా వెతకండి. క్రిములను చంపుతుందన్నది పరీక్షశాల నివేదికతో నిలబెట్టాల్సిన మాట. వేప ఉంది కాబట్టి దానంతటదే నిజమైపోదు.

తిరస్కరణ ఉత్తరాన్ని కూడా ఇంకోసారి నెమ్మదిగా చదవండి. కొన్నిసార్లు అందులో అడిగేది వివరణ మార్చమని కాదు, లైసెన్సు కాపీ జతచేయమని. అప్పుడు ఎన్ని మాటలు దిద్దినా అదే జవాబు వస్తూ ఉంటుంది. విసుగొచ్చి అదే సబ్బును కొత్త పేరుతో కొత్తగా నమోదు మాత్రం చేయవద్దు. ఆగిన సరుకును దొడ్డిదారిన మళ్లీ పెట్టారని మొత్తం ఖాతానే ఆపేసే ప్రమాదం ఉంది.

మేము పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఎండబెట్టి పొడి కొట్టి అమ్ముతాం. వివరణలో ఏ జబ్బు పేరూ లేదు. అయినా ‘వైద్యపరమైన వాదన’ అని ఆపేశారు. ఇంగ్లిష్ వివరణ జతచేస్తున్నాను.
— నిజామాబాద్ నుంచి ఒక రైతు కుటుంబం

మీ తప్పేమీ లేదు. పసుపు కొమ్ములను ఉడకబెట్టి ఆరబెట్టే పనిని ఇంగ్లిష్‌లో ‘క్యూరింగ్’ అంటారు. వ్యవసాయ శాఖ పుస్తకాల్లోనూ, మార్కెట్ యార్డులోనూ అదే మాట. మీరు “సంప్రదాయ పద్ధతిలో క్యూర్ చేసిన పసుపు” అని రాశారు. పక్క వాక్యంలో ‘ఆరోగ్యం’ కూడా ఉంది. రెండూ కలిసేసరికి కంప్యూటర్ దాన్ని రోగం నయం చేయడంగా చదివి ఉంటుంది.

మీవైపు న్యాయం ఉన్నా వాదనకు దిగకండి. అప్పీలు పెట్టి ఒప్పించేలోపు సీజన్ అయిపోతుంది, ఇంకో నెలకు అదే కంప్యూటర్ మళ్లీ ఆపుతుంది. ఆ మాటకు బదులు జరిగింది జరిగినట్టు రాయండి: “తవ్విన కొమ్ములను కడిగి, నురుగు వచ్చి పసుపు వాసన గుప్పుమనే దాకా ఉడికించి, రెండు వారాలపాటు ఎండబెట్టి, మెరుగుపెట్టి పొడి కొట్టాం.” ‘ఆరోగ్యం’ వాక్యం తీసేయండి. కుర్కుమిన్ శాతం పరీక్ష చేయించి ఉంటే ఆ అంకె, పరీక్ష జరిగిన నెల రాయండి. పసుపు గురించి తెలిసినవాళ్లు మొదట చూసేది దాన్నే.

మా డ్వాక్రా సంఘం రాగి మాల్ట్ తయారుచేస్తుంది. మొలకెత్తిన రాగులు నూటికి అరవై పాళ్లు, బెల్లం ముప్పై, బాదం, యాలకులు కలిపి పది. పేరు ‘షుగర్ కేర్ మాల్ట్’. “షుగర్ ఫ్రీ. మధుమేహం, బీపీ అదుపులో ఉంచే హెల్త్ డ్రింక్. కాల్షియం అత్యధికం. డాక్టర్లు సిఫార్సు చేసినది” అని రాశాం. తిరస్కరించారు. మా ఊరి డాక్టరుగారు నిజంగానే మంచిదన్నారండీ. ఆయన చేత ఉత్తరం రాయించి పంపితే ఒప్పుకుంటారా?
— నంద్యాల జిల్లా నుంచి సంఘం సభ్యులు

ఒప్పుకోరండీ. డాక్టరుగారు అన్నది నిజమే అయినా ఆహార పదార్థం మీద ఆ మాట వాడకూడదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు వైద్యులు సిఫార్సు చేశారని చెప్పడాన్నీ, ఆ భావం కలిగించడాన్నీ నిషేధించాయి. ఆహారం జబ్బును తగ్గిస్తుందనడం కూడా కుదరదు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు చట్టంలో పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. అంగడి మీ సరుకు ఆపడం వల్ల మీ సంఘానికి మేలే జరిగింది.

మీ వివరణలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ‘షుగర్ ఫ్రీ’. ఆ మాట వాడాలంటే వంద గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము మించకూడదు. మీ వంద గ్రాముల పొడిలో ముప్పై గ్రాములు బెల్లమే. బెల్లంలో అధికభాగం చక్కెరే కాబట్టి ఇరవై గ్రాములకు పైగా ఉన్నట్టు లెక్క. మధుమేహం ఉన్న ఒక పెద్దాయన మీ మాట నమ్మి రోజూ రెండు గ్లాసులు తాగితే ఏమవుతుందో ఆలోచించండి. మీకు ఆ ఉద్దేశం లేదని తెలుసు. పంచదార వేయలేదన్న అర్థంలో రాసి ఉంటారు. ‘బెల్లంతో చేసినది, బెల్లం 30 శాతం’ అని రాయండి. అది నిజం, పైగా బెల్లం ఇష్టపడేవాళ్లే కొంటారు.

పేరు కూడా మార్చాలి. పేరు వ్యాపార చిహ్నం, వాదన కాదు అని చాలామంది అనుకుంటారు. ఈ విషయంలో మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి చేసిన పోరాటం గుర్తుచేసుకోవాలి. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే ఓఆర్ఎస్ అన్న అక్షరాలను చక్కెర ఎక్కువున్న పానీయాలు తమ పేర్లలో పెట్టుకోవడాన్ని ఆమె ప్రశ్నించారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ, ముందూ వెనకా ఏ మాట చేర్చినా సరే, అలాంటి పానీయాల పేర్లలో ఆ అక్షరాలు ఉండకూడదని ఆదేశించింది. ‘షుగర్ కేర్’ కూడా పేరు రూపంలో ఉన్న వాదనే. ‘హెల్త్ డ్రింక్’ సంగతి కూడా ఇలాంటిదే. పాలతో, ధాన్యాలతో, మాల్ట్‌తో చేసిన పానీయాలను ఆ విభాగంలో పెట్టవద్దని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్లకు సూచన వెళ్లింది. కాబట్టి మాట తీసేయడంతోపాటు, నమోదు చేసేటప్పుడు ఎంచుకున్న విభాగాన్ని కూడా సరిచూసుకోండి.

కాల్షియం దగ్గర మాత్రం మీకు నిజంగా చెప్పుకోదగ్గది ఉంది. అందుకే కాస్త లెక్క వేద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1000 మిల్లీగ్రాములు. ఘన పదార్థం వంద గ్రాముల్లో రోజువారీ అవసరంలో 15 శాతం ఉంటే ‘కాల్షియం లభిస్తుంది’ అనవచ్చు, 30 శాతం ఉంటే ‘అధికం’ అనవచ్చు. ఉత్త రాగి పిండి అయితే 36 శాతం, అధికమే. కానీ మీ పొడిలో రాగులు అరవై పాళ్లే. వాటి నుంచి వచ్చేది దాదాపు 218 మిల్లీగ్రాములు. బెల్లంలోదీ బాదంలోదీ కలిపినా 300 దాటడం అనుమానమే. అంటే ‘అధికం’ అనలేరు, ‘కాల్షియం లభిస్తుంది’ అనగలరు. పీచుకు గీత వేరేచోట ఉంది. వంద గ్రాముల్లో 6 గ్రాములుంటే ‘అధికం’. మీ రాగుల వాటా నుంచే 6.7 గ్రాముల దాకా వస్తుంది. ఇది గీతకు దగ్గరగా ఉంది కాబట్టి, నా లెక్కను నమ్మి అచ్చు వేయించకండి. ఒక ప్యాకెట్‌ను ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న పరీక్షశాలకు పంపండి. నానబెట్టి, మొలకెత్తించి, వేయించే క్రమంలో అంకెలు మారతాయి. మీ బస్తా రాగులు పట్టికలోని రాగులు కాకపోవచ్చు.

నివేదిక వచ్చాక ఇలా రాయండి: “రాగులను మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండి. రాగులు 60 శాతం, బెల్లం 30 శాతం, బాదం, యాలకులు 10 శాతం. కాల్షియం లభిస్తుంది, వంద గ్రాముల్లో ఎంతో పోషకాల పట్టికలో చూడండి. గ్లాసు పాలలో లేదా నీళ్లలో రెండు చెంచాల పొడి ఉండలు కట్టకుండా కలిపి, సన్నని సెగమీద ఐదు నిమిషాలు ఉడికించండి. ఇందులో బాదం ఉంది.” నీడన కాకుండా ఎండలో ఆరబెడుతుంటే ఎండ అనే రాయండి. చివరి వాక్యం బాదం పడనివాళ్ల కోసం, అది లేబుల్ మీద కూడా ఉండాలి. పక్కనే మీ పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు నంబరు వేయడం మరవకండి.

అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్ల కోసం సున్నిపిండి చేసి చేతివస్తువుల ఆన్‌లైన్ అంగడిలో అమ్ముతున్నాను. పెసలు, శనగపప్పు, కస్తూరి పసుపు, బావంచాలు, ఎండు గులాబీ రేకులు వేస్తాను. “మొటిమలు, ఎగ్జిమా తగ్గుతాయి, మచ్చలు పోతాయి, కెమికల్ ఫ్రీ, పసిపిల్లలకూ సురక్షితం” అని రాస్తే తీసేశారు. ఒక కొనుగోలుదారు తన ఎగ్జిమా తగ్గిందని రివ్యూ రాసింది. నా మాటగా కాకుండా ఆమె మాటగా వివరణలో పెట్టవచ్చా అక్కా?
— డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

ఆమె తన పేరుతో రివ్యూలో రాసుకున్నంతవరకు అది ఆమె అనుభవం. దాన్ని మీరు తెచ్చి మీ వివరణలో పెట్టిన క్షణం నుంచి అది మీ వాదన. అమెరికాలో ఆహార, ఔషధ సంస్థ ఒక వస్తువు మందా, సౌందర్య సాధనమా అని తేల్చేటప్పుడు అమ్మేవాళ్లు దాన్ని దేనికోసమని అమ్ముతున్నారో చూస్తుంది. లేబుల్, ప్రకటన, కొనుగోలుదారుల మాటలను అమ్మకానికి వాడుకున్న తీరు, అన్నీ అందులోకి వస్తాయి. ఎగ్జిమా సరే, మొటిమలు తగ్గిస్తాననడం కూడా అక్కడ మందుల కిందికే వస్తుంది. పెసరపిండికి ఆ దారిలేదు.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఒకటుందమ్మా. మీరు బావంచాలు వేస్తున్నారు. మన నలుగుపిండిలో వాటిని తరతరాలుగా వేస్తున్నారు, బొల్లికి వాడే మూలిక కూడా అదే. దానికి కారణం వాటిలో ఉండే సోరలెన్ అనే పదార్థం. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం మామూలుకంటే ఎక్కువగా కందిపోవచ్చు, బొబ్బలెక్కవచ్చు, నల్లటి మచ్చ మిగలవచ్చు. టెక్సాస్ ఎండలో, సున్నిపిండి రుద్దుకుని సరిగా కడుక్కోకుండా బయటికి వెళ్లే మనిషిని తలుచుకోండి. ‘పసిపిల్లలకూ సురక్షితం’ అన్న మాటను అంగడి తీసేయకపోయినా నేను తీసేయమనేదాన్ని. నా సలహా, అమ్మే పిండిలో బావంచాలు మానేయండి. ఉంచాలనే అనుకుంటే పదార్థాల పట్టికలో వాటి శాస్త్రీయ నామంతో రాసి, ఎండ గురించి హెచ్చరిక పెట్టి, పిల్లల ప్రస్తావన పూర్తిగా వదిలేయండి.

‘కెమికల్ ఫ్రీ’ బదులు మీరు వేయనివాటి పేర్లే చెప్పండి: సబ్బు లేదు, విడిగా కలిపిన సువాసన లేదు. మిగతా వివరణ ఇలా ఉండవచ్చు: “పెసలు, శనగపప్పు దోరగా వేయించి, కస్తూరి పసుపు, ఎండు గులాబీ రేకులతో కలిపి మెత్తగా విసిరిన సున్నిపిండి. ఒంటికి నూనె రాసుకుని పది నిమిషాలాగి, ఈ పిండిని నీళ్లతో కాస్త ముద్దగా కలిపి నలుగు పెట్టుకోండి. నూనె జిడ్డును, మురికిని తొలగించి ఒళ్లు నున్నగా ఉంచుతుంది. కళ్లలో పడనీయవద్దు. పసుపు లేతరంగు తువ్వాళ్లకు అంటవచ్చు. తడి తగలని సీసాలో ఉంచండి.” నలుగు పెట్టుకోవడం ఎలాగో అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు తెలియదు కాబట్టి, అరచేతిలో ముద్ద ఎంత గట్టిగా ఉండాలో ఒక ఫొటోలో చూపించండి. ఆ ఫొటో మీద మాత్రం అక్షరాలేవీ వేయకండి.